గుడ్డు గుంజుకునే పిల్లవాడి ఇంటికి ఏమని రాయాలి?

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి క్లాస్ టీచర్‌ని. మా క్లాసు అబ్బాయి ఒకడు నెల రోజులుగా ఆరో తరగతి పిల్లలిద్దరిని సతాయిస్తున్నాడు. భోజనాల దగ్గర గుడ్డు గుంజుకుంటాడు, బ్యాగు మోయిస్తాడు, వాళ్లలో ఒకడికి నత్తి ఉందని అందరి ముందు వెక్కిరిస్తాడు. ఆ నత్తి పిల్లవాడు ఇప్పుడు అన్నానికే రావడం లేదు, నీళ్ల ట్యాంకు వెనక కూర్చుంటున్నాడు. రెండుసార్లు మందలించాను, తగ్గలేదు. తండ్రి హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు, శనివారం రాత్రి వస్తాడు, కోపం ఎక్కువ. తల్లి పత్తి ఏరడానికి పోతుంది, చదువు రాదు. ఇంటికి ఉత్తరం రాయమని హెడ్మాస్టర్ గారు అన్నారు. రాస్తే వాడిని చావగొడతారని ఒక టెన్షన్, 'మా వాడి మీదే పడ్డారు' అంటారని ఇంకో టెన్షన్. ఎలా రాయాలి?

జవాబు: టీచర్ గారూ, ఉత్తరం సంగతి కాసేపు పక్కన పెట్టండి. రేపు మధ్యాహ్నం ఆ ఇద్దరు చిన్నవాళ్లు ఎక్కడ కూర్చుని తింటారో ముందు అది తేల్చండి. మీరు ఉత్తరం రాసి, తల్లిదండ్రులు వచ్చి, మాట్లాడుకునేసరికి వారం పడుతుంది. ఆ వారంలో గుడ్డు పెట్టే రోజులు ఎలాగూ వస్తాయి. అప్పటిదాకా ఆ పిల్లలు ట్యాంకు వెనకే ఉంటే మనం ఎంత మంచి ఉత్తరం రాసినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు.

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. అన్నం పెట్టించుకున్న చోటు నుంచి కూర్చునే చోటుకు పిల్లలు ప్లేటు పట్టుకుని నడుస్తారు కదా, ఆ దారిలో పెద్దవాళ్లెవరూ ఉండరు. వంటమ్మలు వడ్డిస్తుంటారు, సార్లు, మేడంలు స్టాఫ్ రూంలో ఉంటారు. గుడ్డు పోయేది సాధారణంగా ఆ ఇరవై అడుగుల్లోనే. అక్కడ పది నిమిషాలు ఒకరు నిలబడితే చాలు. రోజూ మీరే నిలబడలేరు కాబట్టి ఇంకో ఇద్దరితో వంతులు వేసుకోండి. ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. చోటు మార్చాల్సి వస్తే పెద్దవాడి చోటే మార్చండి. చిన్నవాళ్లను తీసుకెళ్లి ఆఫీసు రూంలో కూర్చోబెట్టి తినిపిస్తే, తప్పు చేసింది తామేనని ఆ పిల్లలకు అనిపిస్తుంది.

ఇక రాయడానికి ముందు ఒక నోటు పుస్తకం పెట్టండి. 'నెల రోజులుగా సతాయిస్తున్నాడు' అని మీరు నాకు రాశారు, నేను నమ్మాను. కానీ ఆ తండ్రికి అదే మాట చెబితే మొదట అడిగేది 'ఎప్పుడు? ఎవరు చూసిండ్రు?' అనే. అప్పుడు మన దగ్గర తేదీ లేకపోతే మాట అక్కడే తెగిపోతుంది. అందుకని నాలుగైదు రోజులు మీరు చూసింది చూసినట్టు రాసుకోండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ చోట, ఎవరు ఏం చేశారు, దానికి కాస్త ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది. చివరి రెండూ చాలామంది వదిలేస్తారు, నిజానికి అసలు విషయం అక్కడే దొరుకుతుంది. గుడ్డు తీసుకునే ముందు పక్కనున్న స్నేహితులు వాడిని ఎగదోశారా? తీసుకున్నాక తిన్నాడా, నవ్వుతూ పారేశాడా? తింటే ఒక దారి, పారేస్తే ఇంకో దారి. పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున ఆరింటికే చేనుకు పోతుంది. వాడు ఏమీ తినకుండా బడికి వస్తున్నాడేమో కూడా చూడాలి. ఆకలి వేసినంత మాత్రాన గుంజుకోవడం ఒప్పయిపోదు. అయినా మన ప్లాన్‌లో ఏం ఉండాలో ఆ ఒక్క సంగతి మార్చేస్తుంది.

ఇది పిల్లల మామూలు కొట్లాటా, వేధింపా అనేది కూడా ఆ పుస్తకంతోనే తేలుతుంది. ఈ విషయాన్ని 1970ల నుంచి పరిశోధించిన నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, ఎదుటివాడు తిరగబడలేని స్థితిలో ఉండడం. మీ దగ్గర మూడూ ఉన్నాయి. ఎనిమిదో తరగతి వాడి ముందు ఆరో తరగతి పిల్లవాడు, అందులోనూ మాట తడబడేవాడు, ఏం తిరగబడతాడు? ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మామూలు కొట్లాటలో ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, చేతులు కలిపిస్తే సరిపోతుంది. ఇక్కడ ఆ పని అస్సలు చేయకండి. మీ ముందు చేయి కలిపిన చిన్నవాడు గేటు దాటాక దానికి బదులు చెల్లించుకుంటాడు. క్లాసు ముందు నిలబెట్టి 'సారీ' చెప్పించినా అంతే.

తర్వాత, తల్లిదండ్రుల కంటే ముందు ఆ అబ్బాయితో ఒంటరిగా మాట్లాడండి. తలుపు తీసి ఉన్న గదిలో, పదిమంది వినని చోట. 'ఎందుకు చేశావ్?' అని అడిగితే 'ఊరికే మేడం' అంటాడు, అక్కడితో ఆగిపోతుంది. 'శుక్రవారం నల్లా దగ్గర నేను చూశాను. ఏం జరిగిందో నువ్వు చెప్పు' అనండి. 'ఫలానావాడు చెప్పాడు' అనే మాట నోట రానీయకండి. నేను చూశాను అనే చెప్పాలి, అందుకే మీరు చూసి ఉండాలి. చివర్లో 'మీ అమ్మానాన్నలను పిలిచి చెబుతాను, ఏం చెబుతానో నీకు ముందే చెబుతున్నా' అనండి. ఇంటి దగ్గర హఠాత్తుగా బయటపడితే వాడు మొదట వెతికేది చెప్పినవాడి కోసం.

నేను ఇవేవీ చేయకుండా ఒకసారి ఉత్తరం రాశాను. ఉద్యోగంలో చేరి మూడో ఏడు, పాలమూరు వైపు ఒక ఊళ్లో. 'మీ కుమారుడు రౌడీగా తయారవుతున్నాడు. ఇలాగే ఉంటే టీసీ ఇచ్చి పంపించేస్తాం' అని రాసి, మడిచి, అదే ఇంటి పక్క అమ్మాయి చేతికిచ్చాను. తండ్రికి చదువు రాదు. సాయంత్రం టీ హోటల్ దగ్గర ఎవరితోనో చదివించుకున్నాడు. చదివినాయన 'రౌడీ' అన్న చోట ఆగి మళ్లీ చదివాడట. అక్కడున్నవాళ్లు నవ్వారు. మర్నాడు పొద్దున ప్రార్థన జరుగుతుండగా ఆయన కొడుకును రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి, మా వరండాలోనే బెల్టుతో కొట్టాడు. ఇద్దరు సార్లు పట్టుకుంటే గానీ ఆగలేదు. పిల్లవాడు వారం రోజులు బడికి రాలేదు. వచ్చాక నెమ్మదిగానే ఉన్నాడు. నా ఉత్తరం పనిచేసిందనుకున్నాను. పది రోజుల తర్వాత నాకు ఫిర్యాదు చేసిన చిన్న పిల్లవాడు చొక్కా జేబు చిరిగి కనిపించాడు. ముళ్ల కంపలో చిక్కుకుందన్నాడు. అసలు సంగతి వాళ్ల అక్క చెప్పింది. చెరువు కట్ట మీద, మాకెవరికీ కనబడని చోట, రోజూ జరుగుతోంది.

ఆ ఉత్తరంలో నేను చేసిన తప్పులు ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. పిల్లవాడు చేసిన పని రాయకుండా వాడికి పేరు పెట్టాను. చేయలేని బెదిరింపు రాశాను. ఆ తర్వాత వచ్చిన విద్యాహక్కు చట్టం, 2009 అయితే 16వ సెక్షన్లో ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లవాడిని బడి నుంచి తీసేయకూడదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి టీసీ మాట మీ ఉత్తరంలో రానీయకండి. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆ కాగితాన్ని చదవలేని మనిషి చేతికి, ఎవరు చదువుతారో తెలియకుండా పంపడం. పల్లెలో అలాంటి ఉత్తరం దండోరా వేయించినట్టే.

అందుకే మీరు ముందు ఫోన్ చేయండి, మనుషులను పిలవండి. ఉత్తరాన్ని ఎదురుగా చదివి వినిపించి అప్పుడు చేతికివ్వండి. హెడ్మాస్టర్ గారు రాతలో ఉండాలన్నారు కదా, రాతలోనే ఉంటుంది, చేరే దారి మాత్రం మారుతుంది. తండ్రి శనివారం రాత్రి వస్తాడన్నారు కాబట్టి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేయండి. తిన్నాక, పడుకోబోయే ముందు చేస్తే శాంతంగా వింటారు. ఫోన్లో మొత్తం చెప్పకండి. 'మీ అబ్బాయి క్లాస్ టీచర్‌ని మాట్లాడుతున్నా. ఒంట్లో బాగానే ఉన్నాడు, కంగారు పడకండి. బడిలో వాడు చిన్నపిల్లలతో ఉండే తీరు గురించి మీ ఇద్దరితో ఒక ఇరవై నిమిషాలు మాట్లాడాలి. రేపు పొద్దున తొమ్మిదింటికి వచ్చి పోతారా?' అంటే చాలు. 'ఏం చేసిండు మేడం?' అని తప్పకుండా అడుగుతారు. 'చిన్నపిల్లల దగ్గర గుడ్డు తీసుకున్నాడు, మిగతాది ఎదురుగా చెబుతా. ఈ రాత్రి వాడిని ఏమీ అనకండి, కొట్టకండి. వాడితో నేను మాట్లాడాను, వాడు నాకు చెప్పాడు. ఇప్పుడు దెబ్బలు పడితే ఇకముందు ఎవరికీ చెప్పడు' అనండి. కొట్టడం తప్పు అని ఉపదేశం చేస్తే ఆయన వినడు. కొడితే మన పని ఎలా చెడుతుందో చెబితే వింటాడు.

ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లయితే, తల్లికి తెలుగు అంతగా పట్టకపోతే, చెప్పి పెట్టడానికి ఒకరిని పిలవండి. కానీ ఆ ఇద్దరు చిన్నపిల్లల బంధువులు కాకూడదు, ఊరి రాజకీయాల్లో తిరిగే మనిషి కాకూడదు.

ఇప్పుడు ఉత్తరం. మీరు రాసిన వివరాల మీద నేనైతే ఇలా రాస్తాను. తేదీలు ఉదాహరణకు వేసినవి, మీ నోటు పుస్తకంలో ఉన్నవి పెట్టుకోండి.

> తేదీ: నవంబర్ 17, సోమవారం
>
> .................. గారికి, .................. గారికి నమస్కారం.
>
> మీ అబ్బాయి క్లాస్ టీచర్‌గా ఈ ఉత్తరం రాస్తున్నాను. బడిలో మీ అబ్బాయి వల్ల కొందరు చిన్నపిల్లలు ఇబ్బంది పడుతున్నారు. నేను స్వయంగా చూసిన సంగతులు మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.
>
> నవంబర్ 7, శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ నల్లా దగ్గర ఒక చిన్నపిల్లవాడి ప్లేటులోంచి గుడ్డు తీసుకున్నాడు. ఆ పిల్లవాడు వద్దని అడిగినా తిరిగి ఇవ్వలేదు. 10వ తేదీ, సోమవారం అదే చోట మళ్లీ అలాగే చేశాడు. 12వ తేదీ, బుధవారం సాయంత్రం బడి వదిలాక తన బ్యాగును తనకంటే చిన్న పిల్లవాడి చేత గేటు దాకా మోయించాడు. దారిలో ఆ పిల్లవాడిని నలుగురిలో వెక్కిరించాడు.
>
> ఒక్కసారే జరిగితే పిల్లల గొడవ అనుకుని బడిలోనే సర్దుకునేవాళ్లం. వారం తిరగకుండా మూడుసార్లు జరిగింది. తనకంటే చిన్నవాళ్లు, ఎదురు చెప్పలేనివాళ్లు ఇబ్బంది పడ్డారు. అందుకే మీకు చెప్పి, మీతో కలిసి దీన్ని ఆపాలనుకుంటున్నాను.
>
> 13వ తేదీన మీ అబ్బాయితో మాట్లాడాను. గుడ్లు తీసుకున్నది నిజమేనని చెప్పాడు. ఈ ఉత్తరంలో ఏముందో తనకు తెలుసు. బియ్యం బస్తాలు వచ్చిన రోజు ఎవరూ అడగకుండానే వంటమ్మకు దించి పెట్టడం కూడా నేను చూశాను.
>
> ఈ రోజు నుంచి డిసెంబర్ 15 దాకా, నాలుగు వారాలు, బడిలో మేం చేసేది ఇది. మధ్యాహ్నం మీ అబ్బాయి తన క్లాసు పిల్లలతో, నేను గానీ మరో టీచర్ గానీ ఉన్న చోట కూర్చుని తింటాడు. గుడ్డు పెట్టే ప్రతి రోజూ తన గుడ్డు తనకు అందుతుంది. భోజనం అయ్యాక వంటమ్మలకు గిన్నెలు సర్దడంలో పది నిమిషాలు సాయం చేస్తాడు. సాయంత్రం బడి వదిలాక ఐదు నిమిషాలు నా దగ్గరికి వచ్చి ఆ రోజు ఎలా గడిచిందో చెప్పి వెళ్తాడు. నేను ఒక చిన్న చీటీ ఇస్తాను. మధ్యాహ్నం బాగా ఉంటే ఒక టిక్కు, సాయంత్రం బాగా ఉంటే ఇంకో టిక్కు ఉంటుంది.
>
> ఇంట్లో మీరు చేయవలసింది కొంచెమే. అమ్మగారు రోజూ రాత్రి ఆ చీటీ అడిగి చూడాలి. నాన్నగారు ఆదివారం ఆ వారం చీటీలన్నీ ముందు పెట్టుకుని వాడితో పది నిమిషాలు మాట్లాడాలి. టిక్కు లేని రోజున కొట్టవద్దు, అన్నం మాన్పించవద్దు. ఏం జరిగిందో అడిగి, నాకు ఫోన్ చేయండి.
>
> మళ్లీ ఇలాంటిది జరిగితే అదే రోజు మీకు నేను ఫోన్ చేస్తాను. హెడ్మాస్టర్ గారితో కలిసి మళ్లీ కూర్చుందాం. జరిగినా జరగకపోయినా డిసెంబర్ 15, సోమవారం పొద్దున 9 గంటలకు మనం కలుస్తాం.
>
> ఇంట్లో గానీ, దారిలో గానీ మీ అబ్బాయిని ఎవరైనా ఇబ్బంది పెడుతున్నట్టు మీకు తెలిస్తే నాకు చెప్పండి. అది కూడా నేను చూసుకోవాల్సిన విషయమే.
>
> ఇట్లు,
> క్లాస్ టీచర్

ఇది ఒకటిన్నర పేజీ దాటదు, చదివి వినిపిస్తే మూడు నాలుగు నిమిషాలు. ఇందులో నేను కావాలని వదిలేసినవి కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లల పేర్లు లేవు, అది మీకూ తోచేదే. 'నత్తి' అనే మాట కూడా లేదు, ఆరో తరగతి అని కూడా రాయలేదు. ఒక ఊళ్లో ఆరో తరగతిలో నత్తి ఉన్న పిల్లవాడంటే పేరు రాసినట్టే. 'పిల్లలు చెప్పారు' అనే వాక్యం లేదు, ఎందుకంటే ఆ వాక్యం చదివాక తండ్రి అడిగేది 'ఏ పిల్లలు?' అని. ట్యాంకు వెనక కూర్చునే సంగతీ అందుకే రాయలేదు. అది తల్లి మనసును తాకుతుందని తెలుసు, అయినా వద్దు. 'ఎప్పుడూ', 'రోజూ' అన్న మాటలు నేరం మోపేచోట వాడలేదు. మూడు రోజులు చూశాం, మూడే రాశాం. మూడు నిజాలను కాదనడం కష్టం, 'రోజూ' అన్నదాన్ని కాదనడం చాలా తేలిక.

బియ్యం బస్తా సంగతి తీపి మాట కోసం పెట్టలేదు. మీరు నిజంగా చూసిన మంచి పని ఏదైనా ఉంటేనే రాయండి, లేకపోతే ఆ వాక్యం తీసేయండి. వాడి బలాన్ని పెట్టడానికి ఒక చోటు కావాలి కదా, ఆ చోటు పెద్దవాళ్ల మధ్య ఉండేలా చూశాను. ఇక్కడ చాలా బళ్లలో జరిగే ఒక పొరపాటు చెప్పాలి. బాధ్యత ఇస్తే మారతాడని ఇలాంటి పిల్లవాడిని క్లాస్ లీడర్‌ను చేస్తారు, లేదా భోజనాల లైను చూసుకోమంటారు. అంటే ఇన్నాళ్లూ దొంగచాటుగా చేసిన పనికి ఇప్పుడు మనమే కర్ర చేతికిచ్చినట్టు. వంటమ్మకు సాయం చేయనివ్వండి, పీఈటీ సార్‌తో గ్రౌండ్‌లో ముగ్గు వేయనివ్వండి. చిన్నపిల్లల మీద ఏ అధికారమూ ఇవ్వకండి.

గిన్నెలు సర్దడం శిక్షలా కనబడకుండా చూసుకోవాలి. ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేసే పనైతే మంచిది. ఎంగిలి ప్లేట్లు ఒక్కడితో కడిగించడం, ఎండలో నిలబెట్టడం, మోకాళ్ల మీద కూర్చోబెట్టడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. ఒంటి మీద దెబ్బే కాదు, మనసును నలిపే శిక్ష కూడా అందులోకి వస్తుంది. 'వారం రోజులు నీకు గుడ్డు బంద్' అనడమూ కుదరదు. ఎనిమిదో తరగతి దాకా మధ్యాహ్న భోజనం ఆహార భద్రతా చట్టం, 2013 ఇచ్చిన హక్కు, మనం తీసేసేది కాదు. చట్టం సంగతి అలా ఉంచినా, తన గుడ్డు తనకు రానివాడు ఎక్కడ వెతుక్కుంటాడో మీకు తెలుసు.

సోమవారం పొద్దున ముందు తల్లిదండ్రులతో మాత్రమే కూర్చోండి. అబ్బాయిని చివరి ఐదు నిమిషాలకు పిలవండి. స్టాఫ్ రూంలో నలుగురు టీచర్లు చుట్టూ కూర్చుని తలా ఒక ఫిర్యాదు చెప్పే పద్ధతి వద్దు. మీరు, హెడ్మాస్టర్ గారు, వాళ్లిద్దరు. ఉత్తరం నెమ్మదిగా చదవండి. మొదటి సంఘటన చదవగానే 'బడి నిండ పోరగాండ్లున్నరు, మా పోరడొక్కడే దొరికిండా మేడం?' అని తండ్రి అంటాడు. వాదించకండి. 'మిగతావాళ్లు చేస్తే వాళ్ల ఇళ్లకూ చెబుతా. ఇప్పుడు నేను చూసింది ఇది' అని రెండో సంఘటన చదవండి. 'ఆ పిల్లలెవలు? వాళ్ల ఇంటికి పోయి నేనే మాట్లాడత' అంటే మాత్రం గట్టిగానే ఉండాలి. 'పేర్లు చెప్పను. రేపు మీ అబ్బాయికి ఏదైనా అయితే వాడి పేరు కూడా ఎవరికీ చెప్పను' అనండి. ఈ జవాబు విన్నాక చాలామంది తల్లిదండ్రులు తగ్గుతారు, నేను చూశాను. అక్కడే కొడుకు మీద చేయెత్తితే లేచి మధ్యలో నిలబడండి, అబ్బాయిని క్లాసుకు పంపేయండి, మాటలు కొనసాగించండి.

తల్లి మాట్లాడకుండా కూర్చుంటుంది. ఆమెను విడిగా అడగండి, 'పొద్దున ఏం తిని వస్తాడమ్మా?' అని. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీకు చాలా చెబుతుంది. ఏమీ తినకుండా వస్తున్నాడని తెలిస్తే, రాత్రి అన్నం కొంచెం ఎక్కువ వండి పొద్దున చద్దన్నం పెట్టుకుని తినేలా చూడమని అక్కడికక్కడే మాట్లాడుకోండి. ఆ ఒక్క మాటా చేత్తో ఉత్తరం చివర రాసివ్వండి. సంతకం గానీ వేలిముద్ర గానీ అడిగేటప్పుడు 'ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు' అని చెప్పండి. ఆ భయంతోనే చాలామంది కాగితం ముట్టుకోరు.

నాలుగు వారాలు ఎలా నడుస్తున్నాయో తెలియాలంటే చీటీలను మాత్రమే నమ్ముకోకండి. చీటీ పెద్దవాడి సంగతే చెబుతుంది. చిన్నవాళ్లను వారానికోసారి, వేరే పని మీద పిలిచినట్టు పిలిచి, ఒక్కొక్కరిని విడిగా అడగండి. 'నిన్నేమన్నా అంటున్నాడా?' అంటే 'లేదు మేడం' అనేస్తారు. 'ఈ వారం అన్నం ఎక్కడ తిన్నావు, ఎవరి పక్కన? సాయంత్రం ఏ దారిన పోయావు, ఎవరితో?' అని అడగండి. దారి మార్చుకున్నాడంటే, చుట్టూ తిరిగి పోతున్నాడంటే సమస్య బడి గేటు దాటి బయటికి పోయిందని అర్థం. నా చెరువు కట్ట సంగతి అలాగే తెలియకుండా పోయింది. ట్యాంకు వెనక కూర్చునే పిల్లవాడు లైనులోకి వచ్చి నిలబడిన రోజును మీ పుస్తకంలో రాసుకోండి. అసలు కొలత అదే.

మొదటి వారం బాగుంటుంది. రెండో వారంలో ఒకటి రెండు టిక్కులు పోతాయి, దానికి నిరాశ పడకండి, ఫోన్ మాత్రం మానకండి. గుడ్డు ఆగి వెక్కిరింత మిగిలిపోవడం కూడా మామూలే. గుడ్డు పోతే కనబడుతుంది, మాట కనబడదు. అప్పుడు వాడి చుట్టూ నవ్వేవాళ్ల మీద పనిచేయాలి. నవ్వే ఇద్దరు ముగ్గురిని విడివిడిగా పిలిచి 'వాడు వెక్కిరించినప్పుడు నువ్వు అక్కడి నుంచి లేచి వచ్చేయ్, అంతే చాలు' అని చెప్పండి. ఎదురు తిరగమని అడగకండి, అది వాళ్ల వల్ల కాదు. రెండు వారాలు గడిచినా ఏ మార్పూ లేకపోతే డిసెంబర్ 15 దాకా ఆగక్కర్లేదు, మళ్లీ పిలవండి. ఈసారి వాడిని సతాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అనే దిక్కు నుంచి మొదలుపెట్టండి. పదో తరగతి పెద్ద పిల్లలను, ఇంటికి పోయే ఆటోను, ఇంటిని కూడా చూడండి.

ఆ ఇద్దరు చిన్నవాళ్ల తల్లిదండ్రులకు కూడా మీరు చెప్పాలి. వాళ్లకు వేరే ఉత్తరం, వేరే రోజు. మీ పిల్లవాడికి ఇది జరిగింది, మేం ఇది చేస్తున్నాం, వాడి భోజనం ఇలా చూసుకుంటున్నాం అని. అందులో పెద్దవాడి పేరు రాయకండి. వాళ్లకు తెలిసే ఉంటుంది, అయినా బడి కాగితం మీద ఉండకూడదు.

ఇంకొకటి. ఈ ఉత్తరం మీరు చెప్పిన విషయానికి సరిపోతుంది, ప్రతిదానికీ సరిపోదు. మీ నోటు పుస్తకంలో బట్టలు విప్పించడం, ఒంటి మీద చెడుగా తాకడం, ఫోన్లో అలాంటి వీడియో తీయడం లాంటివి బయటపడితే ప్లాన్, చీటీలు అన్నీ పక్కన పెట్టి అదే రోజు హెడ్మాస్టర్ గారికి రాతలో ఇవ్వండి. పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు ఫిర్యాదు చేయాల్సిందే, ఇంట్లోవాళ్లతో సర్దుబాటు చేసుకునే వీలు మనకు లేదు. ఎలా ముందుకు వెళ్లాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల హెల్ప్‌లైన్. బ్లేడు, రక్తం వచ్చే దెబ్బలు, కులం పేరు పెట్టి తిట్టడం కూడా క్లాస్ టీచర్ ఒక్కరే మోసే విషయాలు కావు.

ఆదివారం రాత్రి ఉత్తరం రెండు కాపీలు రాసిపెట్టుకోండి, ఒకటి వాళ్లకు, ఒకటి హెడ్మాస్టర్ గారి ఫైలుకు. గదిలో నాలుగు కుర్చీలు ముందే వేయించండి. తల్లిదండ్రులు నిలబడి, మనం కూర్చుని మాట్లాడే అలవాటు మన బళ్లలో ఇంకా ఉంది. ఆ పొద్దున తల్లి చేను మానుకుని వస్తుంది, ఆ రోజు కూలి పోయినట్టే. తండ్రి ఆటో కూడా ఆగుతుంది. తొమ్మిదింటికి అని చెప్పాం కాబట్టి తొమ్మిదింటికే మొదలుపెట్టండి.